యజమాని: సంబంధితులు

మా ప్రాజెక్టుకి ప్రతి సోమవారం మీటింగు ఉంటుంది. కంప్యూటర్ తెర మీద పదకొండు తలకాయలు కనబడతాయి, మాట్లాడేది మాత్రం ముగ్గురే. ఆ ముగ్గురిలో ఎవరూ పత్తి చేలో కాలు పెట్టినవాళ్లు కారు. రెండు రోజుల తర్వాత మినిట్స్ అనే కాగితం ఇంగ్లీషులో దిగుతుంది. అందులో నాలుగు నిలువు గళ్లుంటాయి: యాక్షన్ ఐటమ్, ఓనర్, డ్యూ డేట్, స్టేటస్. దాన్ని తెలుగు చేసి, అటు సత్తెనపల్లి నుంచి ఇటు మార్టూరు దాకా పత్తి, మిరప చేలమ్మట మోటార్ సైకిళ్ల మీద తిరిగే మా కుర్రాళ్ల వాట్సాప్‌లో పెట్టడం నా ఉద్యోగం.

నాకు ముందు ఈ పని చేసిన మహానుభావుడు మినిట్స్‌ని 'సమావేశ నిమిషాలు' అని తెలుగు చేసి పోయాడు. నేను చేరిన మొదటి వారంలోనే ఒక కుర్రాడు అడిగాడు: "మీటింగు రెండున్నర గంటలు జరిగింది గదండీ, నిమిషాలని రాశారేంది?" నేను 'నిమిషాలు' కొట్టేసి 'మీటింగులో అనుకున్నవి' అని రాశాను. పై ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఆమోదించబడిన పదకోశం ప్రకారం 'నిమిషాలు' అనే వాడవలెనట. ఆ పదకోశం ఎవరు ఆమోదించారో అందులో లేదు. 'ఆమోదించబడిన' అనే మాటకున్న సుఖమే అది. ఆమోదించినవాడి జాడ దొరకదు.

ఈ ఆఖరి వాక్యం కాస్త గుర్తుంచుకోండి. కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆగస్టులో ఒక మినిట్స్ వచ్చింది. నాలుగో వరసలో ఇలా ఉంది: 'ఫెరమోన్ ట్రాప్స్ టు బి ఇన్‌స్టాల్డ్ ఇన్ ఆల్ ఎల్జీస్ బై ఫ్రైడే. ఓనర్: ఎఫ్ఎఫ్ స్లాష్ పీయూఎం.' మా భాషలో ఎల్జీ అంటే ముప్పై అయిదు మంది రైతుల గుంపు. ఎఫ్ఎఫ్ అంటే ఆ గుంపుల చుట్టూ తిరిగే కుర్రాడు. పీయూఎం అంటే ఆ కుర్రాళ్ల మీద మేనేజరు. ఇక ట్రాప్స్ అంటే రైతులందరికీ తెలిసిన లింగాకర్షక బుట్టలు. నేను ఆమోదించబడిన పదకోశాన్ని ముందు పెట్టుకుని, కళ్లకద్దుకుని, ఇలా తెలుగు చేశాను:

'శుక్రవారం నాటికి అన్ని అభ్యసన సమూహములందు లింగాకర్షక ఉచ్చులు అమర్చబడవలెను. యజమాని: క్షేత్ర సౌకర్యకర్త / ఉత్పత్తి విభాగ నిర్వాహకుడు.'

ఇప్పుడు చదివితే నాకే ఒళ్లు జలదరిస్తుంది. అప్పుడు మాత్రం తెలుగుతల్లికి ఒక నగ చేయించినట్టే అనుకున్నాను.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో 'యజమాని' అంటే ఒకే ఒక్క అర్థం. పొలం ఎవరిదో ఆయన. ఆయన ఊళ్లో ఉండకపోవచ్చు. గుంటూరులోనో హైదరాబాదులోనో, పిల్లల దగ్గర అమెరికాలోనో ఉండొచ్చు. చేలో నడుం వంచేది కౌలు రైతు. 2019లో రాష్ట్రం పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, కౌలుదారుకి పదకొండు నెలలకు చెల్లే కార్డు ఇస్తామంది. దానికి యజమాని సంతకం కావాలంది. ఆ సంతకం కోసం చెప్పులరిగేలా తిరిగినవాళ్లకు 'యజమాని' అన్న మాట చెవిన పడితే ముందు గుర్తొచ్చేది వాయిదా. అలాంటి నేల మీద నేను బుట్టల పక్కన 'యజమాని' అని రాసి పంపాను.

కొత్తగా చేరిన ఒక ఎఫ్ఎఫ్ దాన్ని శ్రద్ధగా చదివాడు. శ్రద్ధ ఎంత ప్రమాదకరమో ఆ వారం తెలిసింది. 'క్షేత్ర సౌకర్యకర్త' అంటే తనేనని ఆ కుర్రాడికి తట్టలేదు. వాళ్లమ్మకి కూడా తట్టదు. క్షేత్రం అంటే పొలం, యజమాని అంటే ఆసామి, అంటే పొలానికి సౌకర్యాలు చూసే ఆసామి బుట్టలు పెట్టాలి కాబోలు అనుకున్నాడు. నలుగురు భూస్వాములకు ఫోన్లు చేశాడు. ఒకాయన ఎత్తలేదు. ఒకాయన, "నేను కౌలుకిచ్చి పదేళ్లయింది, ఇప్పుడు అందులో ఏం పంటుందో కూడా తెలవదు నాయనా" అన్నాడు. ఇంకొకాయన, ఈ బుట్టల వంకతో కౌలుదారు పేరు ఎక్కడ కాగితాలకెక్కుతుందోనని హడలిపోయి, మర్నాడే ఊరికొచ్చి కౌలుదారుని నిలదీశాడు. నాలుగో ఆయన మాత్రం ఎంతో సంతోషించి బుట్టకెంత సబ్సిడీ ఇస్తారని అడిగాడు.

బుట్టలేమో మా ఆఫీసు వెనక గదిలో ఉన్నాయి. వాటిలో పెట్టే ఎరలు, చల్లటి చోట దాచాల్సినవి, అదే గదిలో ఇనుప బీరువాలో ఉడుకుతున్నాయి.

ఇక ఆ గీత సంగతి. ఎఫ్ఎఫ్‌కి, పీయూఎంకి మధ్య నిలబడ్డ ఆ వాలు గీత అర్థం 'లేదా' అనా, 'మరియు' అనా? ఇంగ్లీషులో రాసినవాళ్లకే తెలీదు. తెలియకూడదనే ఆ గీత పెడతారు. ఎఫ్ఎఫ్ పెడతాడని మేనేజరు, మేనేజరు చెప్తాడని ఎఫ్ఎఫ్ కూర్చున్నారు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చస్తుందని మన పెద్దలు ఊరకే అనలేదు. ఆ గొడ్డు కొమ్ముకి కట్టిన తాడే ఈ గీత.

ఆ తర్వాతి సోమవారం మినిట్స్‌లో నాలుగో వరస స్టేటస్: 'ఇన్ ప్రోగ్రెస్.' నేను 'పురోగతిలో ఉన్నది' అని తెలుగు చేశాను. నిజానికి పురోగతిలో ఉన్నది గులాబీ రంగు పురుగు. దాని తత్వం తెలిస్తే నాలుగో వరస ఎంత బరువైనదో అర్థమవుతుంది. ఈ పురుగు కాయ లోపల చేరి గింజ తింటుంది. పైనుంచి చూస్తే కాయ నవనవలాడుతూనే ఉంటుంది. పూతలో పడితే రేకులు విచ్చుకోక ముడుచుకుపోతాయి. వాటినే గుడ్డి పూలంటారు. ఆకు మీద కనబడే పురుగైతే రైతే చూసుకుంటాడు. ఇది కనబడదు గనకే బుట్ట. ఒక్కో బుట్టలో రాత్రికి ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున మూడు రాత్రులు వరసగా పడితే ఇక మందు గురించి ఆలోచించాలని లెక్క. బుట్టే పెట్టకపోతే ఆ మూడు రాత్రులు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయాయో ఎవరికి తెలుస్తుంది? మూడో సోమవారానికి బుట్టలు గదిలోంచి కదిలాయి. అప్పటికి రెండు ఊళ్లలో గుడ్డి పూలు కనబడ్డాయి. ఆ వారం మినిట్స్‌లో ఒక గొప్ప వాక్యం వచ్చింది: 'డిలే వాజ్ నోటెడ్.' జాప్యము గమనించబడినది. ఎవరు ఆలస్యం చేశారో లేదు, ఎవరు గమనించారో అంతకంటే లేదు. రెండు వైపులా తలుపులు వేసేసిన వాక్యం.

ఇప్పుడు ఈ 'బడు' గారి సంగతి చూద్దాం.

తెలుగు క్రియ చాలా నిర్మొహమాటమైన మనిషి. చేస్తాను అంటే నేను. చేస్తావు అంటే నువ్వు. చేస్తాడు అంటే వాడు. కర్తని వాక్యంలోంచి తీసేసినా క్రియ తోక పట్టుకుని మనిషిని లాక్కొస్తుంది. ఇంగ్లీషులో 'విల్ డూ' అని ఊరుకుంటే ఎవరో తెలీదు. తెలుగులో అలా ఊరుకోలేం. పని ఎగ్గొట్టేవాడికి ఇంతకంటే ఇబ్బందికరమైన భాష ఉండదు. అందుకే ఆఫీసులు దానికో మందు కనిపెట్టాయి. చేయబడును, తీసుకొనబడును, పరిశీలించబడును. 'బడు' తగిలించగానే మనిషి మాయమై, పని దానంతటదే జరిగిపోతున్నట్టు కనబడుతుంది, వానలాగా.

ఇంకో చోటు కూడా ఉంది దాక్కోవడానికి. అది 'బడు' కన్నా గడుసుది, ఎందుకంటే చూడ్డానికి శుభ్రమైన వాడుక తెలుగు. 'చెయ్యాలి.' నేను చెయ్యాలి, నువ్వు చెయ్యాలి, వాళ్లు చెయ్యాలి. ఎవరికైనా ఒకటే తోక. 'బుట్టలు పెట్టాలి' అన్నామనుకోండి, అచ్చ తెలుగే, పలనాటి ముసలమ్మకీ అర్థమవుతుంది. పెట్టేదెవరో మాత్రం దేవుడికెరుక. గ్రాంథికం వదిలి వాడుక భాషలో రాశామని భుజాలు చరుచుకునే అనువాదకుల్లో సగం మంది 'బడు' గుమ్మంలోంచి బయటికొచ్చి 'ఆలి' వాకిట్లో నిలబడ్డవాళ్లే. నేనూ నిలబడ్డాను.

విచారమేమిటంటే ఇదంతా జరుగుతున్న నేల మామూలుది కాదు. 1966లో తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చాక, 1974లో ఏర్పడ్డ అధికార భాషా సంఘానికి మొదటి అధ్యక్షుడు వావిలాల గోపాలకృష్ణయ్య. సత్తెనపల్లి మనిషి. మా బుట్టలు పడుకున్న గదికి కూతవేటు దూరం. అంతకు ముందే, 1962లో, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వేసింది. మొత్తం వ్యవసాయపు మాటలు. ఊరూరా రైతుల నోటి నుంచి ఏరి తెచ్చినవి. దాని సంపాదకుడు భద్రిరాజు కృష్ణమూర్తి పుట్టింది ఒంగోలులో. అంటే మా ప్రాజెక్టు మేసే నేలకి ఈ చివర తెలుగులో పాలన జరగాలన్నాయన, ఆ చివర రైతు మాటని అచ్చులో పెట్టినాయన. మధ్యలో మేము, 'లింగాకర్షక ఉచ్చులు అమర్చబడవలెను' అంటూ. ఉచ్చు వేసేది కుందేళ్లకి. పురుగుకి పెట్టేది బుట్ట. ఇది తెలుసుకోవడానికి పదకోశం కూడా అక్కర్లేదు, మా ఆఫీసు కింద టీ కొట్టు దాకా దిగితే చాలు.

యజమానితో దెబ్బ తిన్నాక నేను తెలివి మీరాను. 'ఓనర్' గడికి 'చర్య తీసుకోవలసిన వ్యక్తి' అని పేరు మార్చాను. అప్పుడు మిరప టీములో ఒక కుర్రాడి ఎదురుగా 'కోల్డ్ స్టోరేజీ లాట్ల జాబితా' అనే పని ఉంది. ఆ సాయంత్రం వాళ్ల నాన్న నాకు ఫోన్ చేశాడు.

"మావోడు ఏం జేశాడండీ?"

"ఏం చెయ్యలేదండీ, అదే చెయ్యాలి."

"ఏం జెయ్యకపోతే చర్య ఎందుకండీ? కోల్డ్ స్టోరేజీలో ఏమన్నా టిక్కీలు తగ్గినయ్యా? మావోడు అట్టాంటోడు కాదండీ."

ఆయన తప్పేముంది? తెలుగు పేపరు చదివే ప్రతి మనిషికీ చర్య అంటే ఏమిటో తెలుసు. కలెక్టరు తీసుకునేది, ఎస్పీ తీసుకునేది, కల్తీ విత్తనాలు అమ్మినవాడి మీద కఠినంగా తీసుకుంటామని మంత్రి చెప్పేది. 'చర్య తీసుకోవలసిన వ్యక్తి' అంటే తీసుకునేవాడూ అవుతాడు, ఎవడి మీద తీసుకోవాలో వాడూ అవుతాడు. రెండోదే ముందు తడుతుంది. సరే అని దాన్ని తీసేసి 'బాధ్యుడు' అని పెట్టాను. పెనం మీంచి పొయ్యిలో పడ్డాను. బస్సు బోల్తా పడితే వెతికేది బాధ్యుణ్ణే.

ఇంత గింజుకుని చివరికి నేను పెట్టిన మాట మూడక్షరాలు: 'ఎవరు'. గడి పైన 'ఎవరు', పక్క గడి పైన 'ఏం పని', దాని పక్కన 'ఎప్పటికి'. నెలన్నర పట్టింది ఈ కనిపెట్టుడుకి.

ఇంతకంటే పెద్ద తప్పు ఒకటి చేశాను. మార్చిలో మిరప కల్లాల మీద ఉన్నప్పుడు. మినిట్స్‌లో 'వుయ్ విల్ అరేంజ్ టార్పాలిన్స్' అని వచ్చింది. ఇంగ్లీషువాడికి 'వుయ్' ఒకటే. తెలుగువాడికి రెండు. మనం ఏర్పాటు చేస్తాం అంటే వినేవాడు కూడా అందులో ఉన్నాడు, చెయ్యి వెయ్యాలి. మేము ఏర్పాటు చేస్తాం అంటే వినేవాడు తప్పుకోవచ్చు, చెప్పినవాళ్లే తెస్తారు. ఆ 'వుయ్' లోపల ఏ తెలుగు ఉందో తెలుసుకోవాలంటే మీటింగు రాసినావిడకి ఒక ఫోన్ చెయ్యాలి. నేను చెయ్యలేదు. సర్వనామం మింగేసి 'పట్టలు ఏర్పాటు చేస్తాం' అని రాశాను. మనకైనా మేముకైనా క్రియకి తోక ఒకటే గనక వాక్యం చక్కగా ఉంది, నున్నగా ఉంది, తప్పు పట్టడానికి లేదు. ఊళ్లో ఉన్న టీము దాన్ని 'మేము' అని చదివి పై ఆఫీసు పట్టల కోసం ఎదురు చూసింది. పై ఆఫీసు 'మనం' అనుకుని ఊళ్లో టీము అద్దెకి తెస్తుందని ఎదురు చూసింది. అకాల వర్షం మాత్రం ఎవరి కోసమూ ఎదురు చూడలేదు. రెండు కల్లాల్లో కాయ తడిసి తెల్లబారింది. యార్డుకి తీసుకెళ్తే తాలు కింద కట్టారు. మంచి కాయకీ తాలుకీ మధ్య ధర తేడా ఎంతో గుంటూరు దారిన పోయే ఎవరినడిగినా చెప్తారు. ఆ తేడా ఖరీదే నేను మింగిన సర్వనామం ఖరీదు. నా జీతంలోంచి ఎవరూ పట్టుకోలేదు. 'నష్టము సంభవించినది' అని మినిట్స్‌లో రాశారు, దాన్ని నేనే తెలుగు చేశాను.

శుక్రవారం గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. 'బై ఫ్రైడే'కి శుక్రవారం లోపు అంటే గురువారంతో అయిపోవాలని కొందరు, శుక్రవారం రాత్రి దాకా ఉందని కొందరు. నాటికి అన్నా అంతే. ఇక రైతులకి డబ్బు చెల్లింపులు శుక్రవారానికి పెట్టే పెద్దమనిషికి దణ్ణం. శుక్రవారం లక్ష్మిని ఇంట్లోంచి పంపని గుమస్తా, శని ఆదివారాలు సెలవు పెట్టే మిర్చి యార్డు, వెరసి బై ఫ్రైడే అంటే సోమవారం. తేదీ వేసి, పక్కన 'సాయంత్రం అయిదు' అని రాస్తే గొడవ వదిలిపోయింది.

పట్టల వ్యవహారం తర్వాత నేను తెలుగు చెయ్యడం మానేసి మినిట్స్ కాగితం పట్టుకుని ఊళ్లోకే వెళ్లాను. టీములో పెద్దవాడు ఒకాయన ఉన్నాడు. పదో తరగతితో ఆపేసి, ముప్పై ఏళ్లుగా పురుగుమందుల కొట్లూ చేలూ తిరిగినాయన. కుర్రాళ్లందరూ బాబాయ్ అంటారు. వేపచెట్టు కింద మంచమేసుకుని పాత నాలుగో వరస ఆయనకి చదివి వినిపించాను. ఒక్కో ముక్కకీ ఒక్కో ప్రశ్న వేశాడు.

"అన్ని ఎల్జీల్లో అన్నారు. ఎన్ని? బుట్టలెన్నున్నయ్?"

చూసుకుంటే ఆ ఎఫ్ఎఫ్ కింద ఆరు గుంపులు, రెండు వందల పది మంది రైతులు. మనిషికి నాలుగు చొప్పున ఎనిమిది వందల నలభై బుట్టలు కావాలి. గదిలో ఉన్నవి అయిదు వందలు. అంటే ఆ వరస పుట్టినప్పుడే చచ్చిన బిడ్డ. 'ఆల్' అనే మూడక్షరాల ఇంగ్లీషు మాట కింద మూడు వందల నలభై బుట్టల లోటు దాక్కుంది. ఎంత గొప్ప తెలుగైనా ఆ లోటు పూడ్చలేదు.

"పెట్టడం అంటే గుచ్చి రావడమా? మూడు రాత్రులు ఎవరు లెక్కపెడతారు? ఎర ఎవరు మారుస్తారు?"

దానికి మినిట్స్‌లో సమాధానం లేదు. ఇన్‌స్టాల్ చేస్తే పని అయిపోయినట్టే పై ఆఫీసుకి. అప్పుడే మొదలైనట్టు పురుగుకి.

"ఎనిమిది పడితే ఎవరికి చెప్పాలి?"

దానికీ లేదు.

ఆ మంచం మీదే నాలుగో వరసని వచ్చే ఆగస్టు కోసం తిరగ రాశాం. నిజానికి రాసింది ఆయన, నేను చేతిరాత ఇచ్చానంతే. ఒక్క గుంపుకి ఇలా వచ్చింది:

'మొదటి గుంపు, ముప్పై అయిదు మంది, నూట నలభై బుట్టలు. ఆగస్టు 18 సాయంత్రం అయిదుకల్లా ఎఫ్ఎఫ్ నేనే గుచ్చి వస్తాను. బుట్టలు, ఎరలు మేనేజరు గారు 16న ఊళ్లోకి దింపుతారు, దింపకపోతే ఆ రాత్రే ఫోన్ చేస్తాను. పొద్దున్నే పురుగులు లెక్కపెట్టేది చేలో ఉన్న రైతు, కౌలుదారైతే కౌలుదారే. రాత్రికి ఎనిమిది చొప్పున మూడు రాత్రులు పడితే నాకు చెప్తాడు, నేను బాబాయ్‌ని తీసుకుని అదే రోజు చేలోకి పోతాను.'

కింద ఎఫ్ఎఫ్ సంతకం పెట్టాడు. పెట్టే ముందు రెండు సార్లు చదివి, "16న దింపకపోతే నా మీదికి రాదు గదా?" అని అడిగాడు. అంతకు ముందు ఏ మినిట్స్ గురించీ ఎవడూ అడగని ప్రశ్న అది. 'అమర్చబడవలెను' అన్నప్పుడు నిశ్చింతగా నిద్రపోయిన కుర్రాడు 'నేనే' అనే సరికి బేరం మొదలెట్టాడు. బాబాయ్ బీడీ ఆర్పి, "ఇదిగో, ఇప్పుడు వాడికి తెలుగు అర్థమయింది" అన్నాడు.

ఎనిమిది లైన్ల ఆ వరసని ఎంతో గర్వంగా పై ఆఫీసుకి పంపాను. అది మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించుకుని చదివినట్టున్నారు. మూడో రోజు జవాబొచ్చింది. అనువాదము మూలానికి విధేయంగా లేదట. మూలంలో లేని సంఖ్యలు, వ్యక్తులు, ఫోన్లు చేర్చబడినవట. ఉత్తమ పురుష వాడకూడదట. రైతు పని రైతుకి రాయడం ప్రాజెక్టు పరిధిలోకి రాదట. అయిదు వందల బుట్టల ప్రసక్తి మాత్రం ఎక్కడా లేదు.

తర్వాతి సోమవారం మినిట్స్ నిన్ననే వచ్చింది. తొమ్మిదో వరస నా గురించే. ఇంకా తెలుగు చెయ్యాలి గానీ, ఆమోదించబడిన పదకోశం ప్రకారం ఇలా వస్తుంది:

'అనువాద నాణ్యత మెరుగుపరచబడవలెను. యజమాని: సంబంధితులు. గడువు: వీలైనంత త్వరగా. స్థితి: పురోగతిలో ఉన్నది.'